అమ్మమ్మ చెప్పే ఆదివారం సీరియల్ ఏదో కనిపెట్టగలరా? (కాలి అందె, ఎర్ర రాయి, తగలబడే ఊరు)

నల్లకుంట_కుర్రాడు | గురువారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. రెండు రోజులుగా ఒక పాత సీరియల్ కోసం వెతుకుతున్నా, దొరకట్లేదు. అడిగింది మా అమ్మమ్మ. 78 ఏళ్ళు, సర్కారు హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయింది. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. ఫోన్లో ప్రవచనాలు పెడితే రెండు నిమిషాలకే తీసెయ్యమంటది. మొన్న ఉన్నట్టుండి, "ఆదివారం పొద్దుగాల ఒక సీరియల్ వస్తుండె బిడ్డా, గది నీ ఫోన్ల దొరుకుతదా?" అన్నది.

పేరు గుర్తులేదంట. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. మొదట అంతా చీకటి, చీకట్లోంచి ఒక గొంతు. ఏదో మంత్రం లాగ. నడుమ నడుమ టోపీ పెట్టుకున్నాయన ఒకాయన వచ్చి మాట్లాడి పోతాడు. ఒక భాగంలో ఒకామె జుట్టు విరబోసుకుని రాజు ముందుకు వచ్చి కాలి అందె నేలకేసి కొడుతుంది. అందులోంచి ఎర్ర రాయి ఎగిరి రాజు మూతికి తగులుతుంది. ఆ తర్వాత ఊరు ఊరంతా మంటలు. సీరియల్ తెలుగులోనే వచ్చిందని గట్టిగా అంటోంది. అప్పుడు ఇంట్లో ఉన్నది ఈసీ టీవీ, బ్లాక్ అండ్ వైట్, చెక్క పెట్టెకి అటూ ఇటూ జరిపే తలుపులు.

నేను వెతికింది ఇలా:

```
old telugu serial sunday morning doordarshan fire anklet
```

వచ్చినవన్నీ ఇప్పటి డైలీ సీరియళ్ళ ప్రోమోలు. అత్త కోడలి చీరకి నిప్పంటించే సీన్ ఒకటి వచ్చింది. అమ్మమ్మకి చూపిస్తే నా వైపు అదోలా చూసింది.

వనస్థలిపురం_వేణు | గురువారం రాత్రి 10:05

తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది? చోప్రా గారి మహాభారతం. చీకట్లోంచి గొంతు అంటే "నేను సమయాన్ని" అనే గొంతే. హరీష్ భీమానీ చెప్పేవాడు. జుట్టు విరబోసుకున్నది ద్రౌపది. 1988 అక్టోబర్ 2న మొదలై 1990 జూన్ దాకా, ప్రతి ఆదివారం పొద్దున వచ్చింది. మా వీధి మొత్తానికి ఒకటే టీవీ, మా ఇంట్లోనే. చెప్పులు వాకిట్లో పట్టక గేటు బయటి దాకా ఉండేవి. యూట్యూబ్‌లో దొరుకుతుంది, పెట్టేసెయ్.

నల్లకుంట_కుర్రాడు | గురువారం రాత్రి 10:40

వేణు అన్నా, పెట్టాను. మొదటి గొంతు రాగానే అమ్మమ్మ "ఆ, గిదే గిదే" అన్నది. నేను గెలిచాననుకున్నా. పది నిమిషాలయ్యాక "ఇది మహాభారతం గదరా. ఇది నాకు తెల్వదా? నేనడిగింది దీని తర్వాత వచ్చేది" అని కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టేసింది.

సైదాబాద్_సుధీర్ | గురువారం రాత్రి 11:15

పాత సీరియళ్ళ సంగతి కాబట్టి నాదీ ఒకటి అడుగుతున్నా. ఒక పిల్లాడు చేతి గడియారంలో మాట్లాడితే పెద్ద రోబో ఎగురుకుంటూ వచ్చేది. దాని అన్ని భాగాలూ ఎక్కడైనా దొరుకుతాయా? అదీ మంటలు కక్కేది, కాబట్టి అమ్మమ్మ గారిది కూడా ఇదే అయ్యుండొచ్చు.

వనస్థలిపురం_వేణు | శుక్రవారం ఉదయం 7:20

సుధీరూ, రోబో కాలికి అందె ఉందా?

సరే, మహాభారతం కాకపోతే చాణక్య అయ్యుంటుంది. చంద్రప్రకాశ్ ద్వివేది తీశాడు. అదీ ఆదివారం పొద్దుటే, 1991లో. జుట్టు విరబోసుకోవడం ఉంది, శపథం ఉంది. అమ్మమ్మ గారు మగవాణ్ణి ఆడమనిషి అనుకున్నారేమో.

రిలే_రూమ్ | శుక్రవారం ఉదయం 8:50

కొత్తగా చేరాను, ఆలస్యంగా చూశాను. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రంలో చాలా ఏళ్ళు ఇంజనీరింగ్ వైపు పనిచేశాను.

వేణు గారు సగం దాకా వచ్చి ఆగిపోయారు. ఆయన చెప్పిన కాలం సరైనదే, సీరియల్ మాత్రం కాదు. బాబూ, నువ్వు రాసినదాంట్లో అసలు ఆనవాలు అందె కాదు, టోపీ పెట్టుకున్నాయన. పురాణాల సీరియళ్ళలో నడుమ నడుమ టోపీ పెట్టుకుని ఎవరొస్తారు? ఆయన నెహ్రూ. అంటే నెహ్రూ వేషంలో ఉన్న రోషన్ సేఠ్. సీరియల్ పేరు భారత్ ఏక్ ఖోజ్. నెహ్రూ రాసిన డిస్కవరీ ఆఫ్ ఇండియా పుస్తకం ఆధారంగా శ్యామ్ బెనెగల్ తీసింది, మొత్తం 53 భాగాలు. మహాభారతం నడుస్తున్న రోజుల్లోనే, ఆదివారమే, దాని తర్వాత వచ్చేది. మీ అమ్మమ్మ గారు "దీని తర్వాత వచ్చేది" అన్నారంటే జ్ఞాపకం చాలా ఖచ్చితంగా ఉన్నట్టే.

అందె కొట్టినామె కణ్ణగి. తమిళుల శిలప్పదికారం కథని అందులో రెండు భాగాలుగా తీశారు. ఇలా వెతుకు:

```
"Bharat Ek Khoj" Silappadikaram
```

తెలుగులో వచ్చిందన్న మాట మాత్రం కుదరదు. ఆదివారం పొద్దున వచ్చే ఆ పెద్ద సీరియళ్ళన్నీ ఢిల్లీ నుంచి జాతీయ ప్రసారంగా హిందీలో వచ్చేవి. వాటిని అందుకుని ఇక్కడి ట్రాన్స్‌మిటర్ మీదికి ఎక్కించడమే మా పని. మా తెలుగు కార్యక్రమాలు సాయంత్రాలు.

వనస్థలిపురం_వేణు | శుక్రవారం ఉదయం 9:10

సార్, ఒప్పుకున్నా. కానీ చీకట్లో గొంతు మాత్రం సమయానిదే, అది వదలను.

నల్లకుంట_కుర్రాడు | శుక్రవారం మధ్యాహ్నం 1:30

రిలే సార్, చాలా థాంక్స్. దొరికింది. కానీ కథ అడ్డం తిరిగింది.

ఎవరో సొంతంగా ఎక్కించిన కాపీ ఒకటి ముందు కనబడితే అదే పెట్టాను. పేరు కూడా చెప్పాను, "అమ్మమ్మా, భారత్ ఏక్ ఖోజ్ అంట" అని. రెండు నిమిషాలు చూసి, "ఇది కాదు బిడ్డా. ఇది రంగుల్ది" అన్నది. ఇంకో నిమిషానికి, "వీళ్ళ గొంతులేంది, తుమ్మెదల లెక్క" అన్నది. చివరికి "హిందీల మాట్లాడుతున్నరు, నాదిట్ల లేకుండె" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

రిలే_రూమ్ | శుక్రవారం మధ్యాహ్నం 2:45

ఆవిడ తప్పేం లేదు. ఆ కాపీలో అక్షరాలు తిరగబడి ఉన్నాయా చూడు. అద్దంలో చూసినట్టు ఉంటే, ఎక్కించినవాళ్ళు హక్కుల గొడవ తప్పించుకోవడానికి బొమ్మని తిప్పేశారన్నమాట. దాంతోపాటు వేగం కూడా కొంచెం పెంచుతారు. అందుకే గొంతులు సన్నబడతాయి. చాలామంది టైటిల్ పాట కూడా కోసేస్తారు. మీ అమ్మమ్మ గారికి గుర్తున్నదే ఆ మొదలు. అది లేని కాపీ చూపించి "ఇదేనా" అంటే "కాదు" అనకేం చేస్తారు? ప్రసార భారతి వాళ్ళు పెట్టిన కాపీ తీసుకో.

రంగుల విషయం: సీరియల్ తీసింది రంగుల్లోనే. 1982 నుంచే మనకి రంగుల ప్రసారం ఉంది. నలుపు తెలుపు మీ టీవీది.

ఈసారి ఇలా చెయ్యి. పేరు చెప్పకు. ఫోన్ ఆవిడ చేతికివ్వకు, తెర బోర్లా పెట్టు. మొదటి ఒక్క నిమిషం శబ్దం మాత్రం వినిపించు. మనం ముందే పేరు చెబితే పెద్దవాళ్ళు మన మొహం చూసి అవునంటారు, లేదా మన మీద కోపంతో కాదంటారు. రెండూ పనికిరావు. చెవికి పట్టుబడ్డది కంటి కన్నా ఎక్కువ కాలం నిలుస్తుందని నా అనుభవం. కేంద్రంలో లేబుల్ ఊడిపోయిన టేపులు మాకు చాలానే వచ్చేవి. ఏ టేపు ఏదో మొదటి సంగీతం విని చెప్పేవాళ్ళం, బొమ్మ చూసి కాదు.

వేణు గారూ, మీ చీకటి గురించి. మహాభారతంలో సమయం చీకట్లోంచే మాట్లాడతాడు, నిజమే. భారత్ ఏక్ ఖోజ్ కూడా చీకటితోనే మొదలవుతుంది, కానీ అక్కడ వినిపించేది ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం. ముందు సంస్కృతం, వెంటనే దాని హిందీ. సంగీతం వన్‌రాజ్ భాటియా. ఒకే ఆదివారం, ఒకదాని తర్వాత ఒకటి, రెండు చీకట్లు. ముప్పై ఏళ్ళు పైబడితే రెండూ ఒకటే అయిపోవా?

ఓరుగల్లు_పద్మ | శుక్రవారం సాయంత్రం 6:10

నాకు ఈ సీరియల్ టీవీలో చూసినట్టు గుర్తే లేదు, మా ఇంట్లో టీవీ లేదు. కానీ కథలన్నీ తెలుసు. మా సోషల్ మేడం ప్రతి సోమవారం మొదటి పీరియడ్‌లో ఆదివారం చూసిందంతా చెప్పేది. అశోకుడి యుద్ధం ఆమె బెత్తంతో చేసి చూపించింది. ఎంత బాగా చెప్పేదంటే, పెద్దయ్యాక ఒకసారి వీడియో చూస్తే మా మేడం చెప్పినంత లేదనిపించింది.

నల్లకుంట బాబూ, మీ అమ్మమ్మ వరంగల్‌లో పనిచేశారా? నాకు ఆమే అనిపిస్తోంది.

నల్లకుంట_కుర్రాడు | శుక్రవారం రాత్రి 9:55

పద్మ గారూ, లేదండీ. అమ్మమ్మ సర్వీసంతా హైదరాబాద్‌లోనే.

రిలే సార్ చెప్పినట్టే చేశాను. ఎనిమిదింటికి అమ్మమ్మ అన్నం తిని పడుకోబోతుంటే, లైటు ఆర్పి, ఫోన్ మంచం కింద పెట్టాను. అమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. ముందు ఏమీ లేదు, తర్వాత మెల్లగా ఆ గొంతులు. "నాసదాసీన్నో సదాసీత్తదానీం" అని వస్తుంటే అమ్మమ్మ కదల్లేదు. నిద్రపోయిందేమో అనుకున్నా. హిందీ మొదలయింది. అప్పుడు చీకట్లో అమ్మమ్మ గొంతు, పాట కన్నా సగం మాట ముందే: "సృష్టి సే పెహలే సత్ నహీ థా". ఆపలేదు. సగం పదాలు తప్పు, రాగం మాత్రం తప్పలేదు. పాట అయ్యాక, "ఇగ టోపీ ఆయన వస్తడు చూడు" అన్నది.

నేను లైటు వేశాను. వేయకుండా ఉండాల్సింది. కళ్ళు తుడుచుకుంటూ "ఎందుకేసినవ్ రా లైటు" అని తిట్టింది.

అమ్మ చెప్పడం ఏంటంటే, ఆ ఏడాది తనకి ఏడో తరగతి కామన్ పరీక్షలంట. అందుకని టీవీ తలుపులు మూసి తాళం వేసేదంట అమ్మమ్మ. మహాభారతానికి కూడా తాళమే. ఈ ఒక్క సీరియల్‌కి మాత్రం తీసేది, "ఇది చదువే" అని.

వనస్థలిపురం_వేణు | శుక్రవారం రాత్రి 10:20

మహాభారతానికి తాళమా! అమ్మమ్మ గారు మామూలు మనిషి కాదు.

పాట సంగతి ఓడిపోయాను. ఇప్పుడే విన్నాను. రెండు చీకట్లు, నిజమే.

మైలాపూర్_మాలతి | శనివారం ఉదయం 6:35

చెన్నైలో స్థిరపడ్డ తెలుగుదాన్ని. ఈ చర్చంతా ఒక్క ఊపులో చదివాను. సీరియల్ దొరికింది, సంతోషం. కానీ నాకు ఒక విషయం కొరుకుడు పడట్లేదు.

మొదటి పోస్టులో "ఎర్ర రాయి" అని ఉంది. టీవీ ఏమో నలుపు తెలుపు. మరి ఆవిడకి ఎరుపు ఎక్కణ్ణుంచి కనబడింది?

కథ ప్రకారం రంగు సరైనదే. పాండ్య రాణి అందెలో ముత్యాలు, కణ్ణగి అందెలో మాణిక్యాలు. కణ్ణగి భర్త కోవలన్ రాణి అందె దొంగిలించాడని రాజు చంపించాడు కదా, ఆ తేడా తేల్చడానికే కణ్ణగి రాజు ముందు తన అందె పగలగొడుతుంది. ముత్యం తెలుపు, మాణిక్యం ఎరుపు. నలుపు తెలుపు టీవీలో ఆ తేడానే తెలియదు, అసలు ఆ సీను ప్రాణమే అది. ఇంకొకటి, రాయి ఎగిరి రాజు నోటికి తగలడం. అది ఇళంగో అడిగళ్ రాసిన శిలప్పదికారం కావ్యంలోనే ఉంది. మణి ఎగిరి రాజు నోటి దగ్గర పడిందని చెబుతాడు. తమిళ పాఠం చదివినవాళ్ళకి తప్ప అంత చిన్న వివరం సాధారణంగా గుర్తుండదు. సీరియల్‌లో అది ఉందా? ఎవరైనా ఆ భాగం చూసి చెప్పండి.

రిలే_రూమ్ | శనివారం ఉదయం 9:00

మంచి ప్రశ్న, నాకు తట్టనే లేదు. ఇరుగుపొరుగు ఇంట్లో కలర్ టీవీలో చూసి ఉండొచ్చు. లేదా 2020 లాక్‌డౌన్ రోజుల్లో పాతవన్నీ మళ్ళీ వేశారు, అప్పుడు ఏదైనా చూశారేమో అడుగు బాబూ.

నల్లకుంట_కుర్రాడు | శనివారం మధ్యాహ్నం 12:50

అడిగాను సార్. లాక్‌డౌన్‌లో చూసింది రామాయణం ఒక్కటే. పక్కింటికి వెళ్ళి టీవీ చూసే అలవాటే లేదంట, "టీచరమ్మ ఇంకోళ్ళింట్ల కింద కూసుంటదా?" అన్నది.

కణ్ణగి రెండు భాగాలూ ఇప్పుడు ముగ్గురం కలిసి చూశాం. మాలతి గారూ, ప్రింటు చాలా మసకగా ఉంది. రాయి ఎగరడం మేం పట్టుకోలేకపోయాం. రెండుసార్లు వెనక్కి తిప్పాను. మూతికి తగలడం అయితే మాకెవరికీ కనబడలేదు. అమ్మమ్మ మాత్రం "కోసేసిన్రు" అంటోంది.

అప్పుడు అమ్మ ఉల్లిపాయలు తరుగుతున్నదల్లా కత్తి ఆపింది. "అమ్మా, అది టీవీల కాదు. బళ్ళె" అన్నది.

అమ్మ కూడా అదే స్కూల్లో ఏడు 'బి'. సోమవారం అమ్మమ్మ క్లాసుకి దానిమ్మకాయ తెచ్చిందంట. బల్ల మీద పగలగొట్టి, గింజలు చేతిరుమాల్లో ముడేసి, "ఇదీ కణ్ణగి అందె" అన్నదంట. ముందు బెంచీ మీది పిల్లాణ్ణి కుర్చీలో రాజుగా కూర్చోబెట్టింది. రుమాలు బల్లకేసి కొట్టగానే ముడి ఊడి గింజలు చెదిరిపోయాయి. ఒకటి సరిగ్గా ఆ రాజు పెదాల మీద పడింది. వాడు నాలుకతో అందుకుని తినేశాడంట. క్లాసు క్లాసంతా ఒకటే నవ్వు. చప్పుడుకి హెడ్ మాస్టర్ వచ్చాడు, మంటలు అంటుకోకముందే పాఠం ఆగిపోయింది.

తెలుగు కూడా అదేనేమో. సీరియల్ హిందీలో చూసి, సోమవారం తెలుగులో చెప్పింది. పద్మ గారు రాసింది చదివి వినిపించాకే అమ్మకి ఇదంతా గుర్తొచ్చిందంట.

ఓరుగల్లు_పద్మ | శనివారం మధ్యాహ్నం 1:15

చూశారా, నేను చెప్పలేదూ! మా మేడం కూడా అంతే. (అయితే నిజంగానే వరంగల్ కాదా? ఒక్కసారి అడగండి, డెప్యుటేషన్ మీద ఏమైనా?)

మైలాపూర్_మాలతి | శనివారం మధ్యాహ్నం 2:05

దానిమ్మ గింజలు! చదివి చాలాసేపు నవ్వాను. కానీ నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. పిల్లాడి పెదవి మీద గింజ పడటం యాదృచ్ఛికం అనుకుందాం. అదే కావ్యంలోనూ ఉండటం? లేక ఆవిడ శిలప్పదికారం తెలుగులో ఎక్కడైనా చదివి, ఆ ఘట్టం కోసమే రాజుని అంత దగ్గరగా కూర్చోబెట్టారా? అడిగి చూడండి.

నల్లకుంట_కుర్రాడు | శనివారం రాత్రి 8:30

అడిగాను. అమ్మమ్మ జవాబు యథాతథంగా: "నేనట్లెందుకు చేస్త? దానిమ్మకాయలు ఖరీదు. టీవీలనే చూసిన."

అమ్మ: "రుమాలు మరకలు పోలేదని నన్ను తిట్టినవ్ గదమ్మా."

అమ్మమ్మ: "నీకేం గుర్తుంటది, నువ్వు పరీక్షలల్ల ఉంటివి."

పుస్తకం గురించి అడిగితే చిక్కడపల్లి లైబ్రరీకి ప్రతి శనివారం పోయేదాన్ననీ, ఏం చదివానో ఇప్పుడెట్ల చెప్తాననీ అన్నది. ఇంకొంచెం గుచ్చి అడిగితే, "కథ చెప్పేటోళ్ళు కొంచెం చదువుకోని పోవాలె గదా" అని ఊరుకుంది. అవునని కాదు, కాదని కాదు.

రిలే_రూమ్ | శనివారం రాత్రి 9:05

ఆ సంగతి ఆవిడకే వదిలెయ్యండి. బాబూ, ఒక మాట. ప్రతి భాగం చివర పేర్లు పడేటప్పుడు ఇంకో పాట వస్తుంది, హిరణ్యగర్భ సూక్తం. చాలా కాపీల్లో అదీ కోసేస్తారు. అది ఉన్న కాపీ చూసుకుని చివరిదాకా వినిపించు. మొదటిది అంత గుర్తుంటే అదీ గుర్తుండాలి.

నల్లకుంట_కుర్రాడు | ఆదివారం ఉదయం 11:50

సార్, వినిపించాను. అదీ పాడింది. ఈసారి లైటు ముట్టుకోలేదు.

నిన్న రాత్రే తర్వాతి భాగం పెట్టబోతే వద్దన్నది. "రేపు ఆదివారం గదా, అప్పుడు పెట్టు" అని. అన్నీ ఫోన్లోనే ఉన్నాయి, ఎప్పుడైనా చూడొచ్చు అంటే వినదు. పొద్దున తొమ్మిదింటికి పెట్టబోయాను, దానికీ ఒప్పుకోలేదు. మహాభారతం వేళలో ఇది ఎట్ల వస్తుందంట. పదకొండింటికి తలదువ్వుకుని, కుర్చీలో కూర్చుని, "ఇగ పెట్టు" అన్నది. అంటే ఇంకా చాలా భాగాలున్నాయి, వారానికి ఒకటి. నా ఆదివారాలు అయిపోయినట్టే.

అమ్మ దానిమ్మకాయ ఒలిచి గిన్నెలో పెట్టి పక్కన ఉంచింది. అమ్మమ్మ ఒక్కొక్క గింజా తింటూ చూసింది గానీ దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

వనస్థలిపురం_వేణు | ఆదివారం మధ్యాహ్నం 12:10

పదకొండా? మా ఇంట్లో పదింటికే చూసినట్టు గుర్తు నాకు.

సైదాబాద్_సుధీర్ | ఆదివారం మధ్యాహ్నం 12:25

అందరి సమస్యలూ తీరాయి, నా రోబో సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. రిలే సార్, దాని మొదటి సంగీతం నేను నోటితో పాడి పెడితే చెప్పగలరా?